రెండూ నిజమేనన్న జవాబు

బీఎడ్‌లోనైనా, ఎంఏ సోషియాలజీలోనైనా, సివిల్స్ ఆప్షనల్ పేపర్లోనైనా ఒక ప్రశ్న తప్పించుకోలేనిది. సమాజంలో పాఠశాల పాత్రను ప్రకార్యవాద, సంఘర్షణ దృక్పథాల నుంచి చర్చించండి అని అడుగుతారు. దానికి గైడ్లలో ఒక జవాబు స్థిరపడిపోయింది. మొదటి పేజీలో దుర్ఖైమ్, పార్సన్స్ వస్తారు. బడి సమాజాన్ని కలిపి ఉంచుతుందని, ప్రతిభను గుర్తించి తగిన చోట కూర్చోబెడుతుందని చెబుతారు. రెండో పేజీలో బౌల్స్, గింటిస్, బూర్దియో వస్తారు. బడి అసమానతను తరం నుంచి తరానికి అందిస్తుందని చెబుతారు. మూడో పేజీలో ఒక పేరా ఉంటుంది. రెండు దృక్పథాల్లోనూ కొంత సత్యం ఉందనీ, ఇవి ఒకే నాణేనికి రెండు ముఖాలనీ, సమతుల్య దృష్టి అవసరమనీ అక్కడ తేలుస్తారు. ఈ ముగింపుకు మార్కులు పడతాయి. పడతాయి కనుకే ఏళ్ల తరబడి ఇదే జవాబు చేతులు మారుతోంది.

ఈ ముగింపు తప్పు. సమతుల్యత పేరుతో అది ఒక తగవును తీర్చకుండానే మూసేస్తోంది. ఆ తగవులో ఎవరి మాట నిలుస్తుందో చూసేందుకు ఆధారాలున్నాయి. అందులో అతి ముఖ్యమైనది ప్రకార్యవాదుల చేతిలోనే ఉండేది.

ముందు తగవు ఎక్కడుందో సరిగ్గా పట్టుకోవాలి. గైడ్లు దీన్ని బడిని మెచ్చుకునేవాళ్లకీ తిట్టేవాళ్లకీ మధ్య గొడవలా చూపిస్తాయి. అసలు సంగతి వేరు. బడి ఏం చేస్తుందన్న దాని మీద ఈ రెండు వర్గాలకు పెద్దగా పేచీ లేదు. పిల్లలకు సమాజపు కట్టుబాట్లు నేర్పుతుందని ఇద్దరూ అంటారు. పిల్లలను వేరు చేసి వేర్వేరు ఉద్యోగాల వైపు పంపుతుందనీ ఇద్దరూ అంటారు. పేచీ రెండే చోట్ల. ఆ వేరు చేయడం పిల్లవాడి సామర్థ్యాన్ని బట్టి జరుగుతుందా, అతని ఇంటిని బట్టి జరుగుతుందా అన్నది మొదటిది. ఉద్యోగం అడిగే చదువు ఆ పనికి నిజంగా కావలసిందేనా అన్నది రెండోది. రెండూ వాస్తవానికి సంబంధించిన ప్రశ్నలు. లెక్క తీసి చూడగలిగినవి. లెక్క తీయగలిగిన ప్రశ్నకు 'రెండూ నిజమే' అని జవాబు రాయడం చర్చ అనిపించుకోదు.

మొదటి ప్రశ్నకు వద్దాం. 1959లో టాల్కాట్ పార్సన్స్ హార్వర్డ్ ఎడ్యుకేషనల్ రివ్యూలో బడి తరగతిని ఒక సామాజిక వ్యవస్థగా విశ్లేషిస్తూ ఒక వ్యాసం రాశాడు. మన సిలబస్‌లో ప్రకార్యవాదం పేరిట చెప్పే దానిలో సగానికి పైగా అందులోంచి వచ్చిందే. వాదన అందంగా ఉంటుంది. ఇంట్లో పిల్లవాడిని అమ్మ తన బిడ్డ గనుక ప్రేమిస్తుంది, అతను ఏం సాధించాడని చూడదు. ప్రాథమిక పాఠశాలలో కథ మారుతుంది. దాదాపు ఒకే వయసు పిల్లలు, ఒకే పేట నుంచి వచ్చినవాళ్లు, ఒకే పంతులమ్మ ముందు కూర్చుంటారు. అందరికీ ఒకే పని ఇస్తారు, ఒకే కొలతతో కొలుస్తారు. పరుగు పందెంలో అందరినీ ఒకే గీత మీద నిలబెట్టినట్టు. ఆ కొన్నేళ్లలో ఎవరు ఎంత సాధించారన్న రికార్డే, హైస్కూల్లో ఎవరు కాలేజీ బాట పట్టాలో ఎవరు పట్టకూడదో నిర్ణయిస్తుంది. ఈ ఎంపిక నిజమైన ఎంపికేననీ, ఇంటి హోదా మీద బడి వేసే ముద్ర మాత్రమే కాదనీ పార్సన్స్ వాదం. పందెం న్యాయంగా జరిగిందని నమ్మినప్పుడే గెలిచినవాడికి గెలుపు దక్కుతుంది, ఓడినవాడు ఓటమిని ఒప్పుకుంటాడు. సమాజం కలిసి ఉండేది ఆ ఒప్పుకోలు వల్లే.

పార్సన్స్ ఈ మాటలు గాలిలోంచి తీయలేదు. బోస్టన్ ప్రాంతపు ప్రభుత్వ హైస్కూళ్లలో మూడు వేలకు పైగా అబ్బాయిల మీద జరిగిన ఒక అధ్యయనం ఉంది. శామ్యూల్ స్టౌఫర్, ఫ్లారెన్స్ క్లుక్‌హోన్‌లతో కలిసి దాన్ని నడిపినవారిలో పార్సన్స్ ఒకడు. ఆ అబ్బాయిల ఐక్యూ ఎంతో, తండ్రి వృత్తి ఏమిటో, కాలేజీకి వెళ్లాలనుకుంటున్నాడో లేదో నమోదు చేశారు. దానిలోంచి వచ్చిన పట్టికను జోసెఫ్ కాల్ 1953లో అదే పత్రికలో ప్రచురించాడు. ఆ ఒక్క పట్టిక ముందు పెట్టుకుంటే మన ప్రశ్నకు జవాబు అక్కడే కనిపిస్తుంది.

పట్టికను ఇలా చదవాలి. ఐక్యూను బట్టి అబ్బాయిలను ఐదు భాగాలు చేశారు. తండ్రి వృత్తిని బట్టి మళ్లీ ఐదు వరుసలు. ఐక్యూలో అన్నిటికంటే పై భాగంలో ఉండి, తండ్రి పెద్ద ఉద్యోగి లేదా వృత్తి నిపుణుడైన అబ్బాయిల్లో నూటికి 89 మంది కాలేజీకి వెళ్తామన్నారు. అదే పై భాగంలో ఉండి, తండ్రి నైపుణ్యం అక్కర్లేని కూలి పనులు చేసేవాడైతే ఆ సంఖ్య 29. రెండు గుంపుల పిల్లలదీ ఒకే తెలివి, కనీసం పరీక్ష కొలిచిన తెలివి. తండ్రి పని ఒక్కటే తేడా. ఇప్పుడు పట్టికలో కిందికి దిగి, పెద్ద ఉద్యోగుల పిల్లల్లో ఐక్యూ అన్నిటికంటే తక్కువగా వచ్చినవాళ్లను చూడండి. వారిలో నూటికి 56 మంది కాలేజీకి వెళ్తామన్నారు. అంటే పరీక్షలో అట్టడుగున నిలిచిన ఆఫీసరు కొడుకు కాలేజీకి వెళ్తాననే అవకాశం, పరీక్షలో అగ్రభాగాన నిలిచిన కూలీ కొడుకు అవకాశానికి దాదాపు రెట్టింపు.

ప్రకార్యవాదులకు ఇక్కడ ఒక సమాధానం ఉంది. అది బలమైనదే, దాటవేయకూడదు. మొత్తం మీద ప్రతి వరుసలోనూ ఐక్యూతో పాటు కాలేజీకి వెళ్తామనేవాళ్ల సంఖ్యా పెరిగింది కదా, కూలీల పిల్లల్లో అట్టడుగున 9 ఉన్నది పైకి వచ్చేసరికి 29 అయింది కదా, అంటే బడి సామర్థ్యాన్ని చూస్తున్నట్టే కదా అంటారు. పార్సన్స్ కూడా రెండు అంశాలూ పనిచేస్తున్నాయని ఒప్పుకున్నాడు. నిజమే, రెండూ పనిచేస్తున్నాయి. కానీ ఆయన సిద్ధాంతం నిలబడాలంటే రెండూ పనిచేయడం చాలదు. పందెం న్యాయమైనదని ఓడినవాడు ఒప్పుకోవాలి. ఐక్యూ పట్టికలో అన్నిటికంటే పైన ఉన్న కూలీ కొడుకుల్లో నూటికి 71 మంది పందెంలోంచి ముందే తప్పుకున్నారు. వాళ్ల ఓటమికి సామర్థ్యం కారణం కాదని పార్సన్స్ చేతిలోని పట్టికే చెబుతోంది. పైగా ఐక్యూ పరీక్ష కూడా ఇంటి భాషను, ఇంటి అలవాట్లను కొంత కొలుస్తుంది. దాన్ని శుద్ధ సామర్థ్యంగా లెక్కలో వేసుకున్నామంటే ప్రకార్యవాదికి అడగకుండానే ఒక మెట్టు ఇచ్చినట్టు. ఆ మెట్టు ఇచ్చాక కూడా లెక్క ఇలా ఉంది.

కాల్ అక్కడితో ఆగలేదు. చదువులో తెలివైనవాళ్లయి, సామాన్య కుటుంబాల నుంచి వచ్చిన 24 మంది అబ్బాయిలను ఎంచుకుని, వాళ్లతోనూ తల్లిదండ్రులతోనూ మాట్లాడాడు. కొందరు తల్లిదండ్రులు ఉన్నదాంతో సర్దుకుపోయేవాళ్లు. కొందరు తమ బతుకుతో తృప్తి లేక, కొడుకు తమను దాటి వెళ్లాలని చిన్నప్పటి నుంచీ చెవిన పోరేవాళ్లు. కాలేజీ బాట పట్టింది ఎక్కువగా రెండో రకం ఇళ్ల పిల్లలే. దీన్ని చూపించి, చూశారా, తల్లిదండ్రుల పట్టుదల ఉంటే చాలు అనేవాళ్లున్నారు. మన దగ్గర ఏటా ర్యాంకులు వచ్చిన మర్నాడు పేపర్లలో కూలీ కొడుకు ఐఐటీ కథ ఇదే మాట చెబుతుంది. ఆ కథ అబద్ధం కాదు. ఆ 29 మందిలో ఒకడి కథ. కానీ ఒకటి గమనించండి. ఆఫీసరు కొడుక్కి ఎవరూ చెవిన పోరాల్సిన పని లేదు, అతని ఇంట్లో కాలేజీ అనేది నిర్ణయంగా కూడా అనిపించదు. కూలీ ఇంట్లో మాత్రం అసాధారణమైన తండ్రో తల్లో కావాలి. ఒకరికి అసాధారణ పట్టుదలా ఇంకొకరికి మామూలు అలవాటూ కావలసిన పందెంలో వాళ్లను వేరు చేసింది ఇల్లు. బడి ఆ వేర్పాటును రికార్డులోకి ఎక్కించింది.

మన రాష్ట్ర ప్రభుత్వాలు కూడా ఈ సంగతి ఎప్పుడో గ్రహించాయి, ఆ మాట బయటికి చెప్పకపోయినా. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల మొదలైంది. తెలివైన పల్లెటూరి పిల్లలను ఎంపిక చేసి, ఉంచి, తిండి పెట్టి చదివించే బడి. ఆ తర్వాత సాంఘిక సంక్షేమ గురుకులాల పరంపర వచ్చింది. గురుకులాల నుంచి వచ్చిన ఫలితాలను చాలామంది ప్రకార్యవాదానికి సాక్ష్యంగా చూపిస్తారు, బడి పిల్లవాడిని పైకి తెచ్చిందని. సాక్ష్యం తిరగబడి ఉంది. మామూలు బడి సామర్థ్యాన్ని బట్టే ఎంపిక చేస్తూ ఉంటే, పిల్లవాడిని ఇంటి నుంచి తీసుకెళ్లి హాస్టల్లో ఉంచాల్సిన అవసరం ఎందుకొచ్చింది? సాయంత్రం దీపం కింద కూర్చునే చోటు, రెండు పూటలా తిండి, పొలం పనికి పిలవని రోజు, ఇవి గురుకులం ఇచ్చింది. ఆఫీసరు ఇంట్లో ఉన్నదీ, కూలీ ఇంట్లో లేనిదీ సరిగ్గా ఇవే. ఇంటి లోటును పూడ్చాకే సామర్థ్యం బయటపడింది.

ఇక సంఘర్షణవాదుల వైపు చూద్దాం. వాళ్లందరినీ ఒకే మూట కట్టడం గైడ్లు చేసే మరో అన్యాయం. మన విద్యార్థులకు సంఘర్షణ సిద్ధాంతమంటే 1976లో శామ్యూల్ బౌల్స్, హెర్బర్ట్ గింటిస్ రాసిన పుస్తకం, అందులోని అనురూపత సూత్రం. ఫ్యాక్టరీలో అధికారం ఎలా పైనుంచి కిందికి నడుస్తుందో బడిలోనూ అలాగే నడుస్తుందట. పనివాడికి తన శ్రమ మీద పట్టు లేనట్టే పిల్లవాడికి తన చదువు మీద పట్టు ఉండదట. పెట్టుబడికి విధేయులైన పనివాళ్లు కావాలి గనుక బడి వాళ్లను తయారు చేస్తుందట. ఇందులో సత్యం ఉంది. ఒకే ఐక్యూ ఉన్నా కుటుంబ నేపథ్యాన్ని బట్టి చదువూ ఆదాయమూ మారతాయని వాళ్లు చూపిన లెక్కలు కాల్ పట్టికకు బంధువులే. ఆ భాగం నిలుస్తుంది. బడి విధేయతను పోతపోస్తుందన్న భాగం మాత్రం బలహీనం. చెప్పిన మాట వినే, నమ్మదగిన పిల్లలకు మార్కులు ఎక్కువ, సొంత ఆలోచన ఉన్నవాళ్లకు తక్కువ అన్నదానికి వాళ్లు ఎక్కువగా ఆనుకున్నది ఒకే ఒక్క హైస్కూలు ఆఖరి తరగతి పిల్లల మీద చేసిన కొలతలను. ఆ ఒక్క తరగతి మీద అమెరికా మొత్తపు చదువును నిలబెట్టలేం.

దాన్ని అసలు దెబ్బ తీసింది ప్రకార్యవాది కాడు. 1977లో పాల్ విల్లిస్ ఇంగ్లండులోని ఒక పారిశ్రామిక పట్టణంలో 12 మంది శ్రామిక కుటుంబాల కుర్రాళ్ల వెంట తిరిగి ఒక పుస్తకం రాశాడు. ఆ కుర్రాళ్లకు విధేయత ఏ కోశానా లేదు. పంతుళ్లను ఏడిపిస్తారు, తరగతిలో నిద్రపోతారు, బుద్ధిగా చదివేవాళ్లను చూసి నవ్వుతారు. బడి వాళ్లను లొంగదీసుకోలేకపోయింది. అయినా చదువును తోసిపుచ్చి, తమ ఇష్టంతోనే తండ్రులు చేసిన ఫ్యాక్టరీ పనిలోకి వెళ్లారు. అంటే అసమానత తరం మారినా కొనసాగింది, కానీ బౌల్స్, గింటిస్ చెప్పిన దారిలో కాదు.

ఇక్కడే గైడ్లకు కనపడని సంగతి ఒకటుంది. అనురూపత సూత్రం సంఘర్షణ గుడారంలో కూర్చున్నా, దాని ఆలోచనా విధానం ప్రకార్యవాదానిదే. సమాజానికి క్రమశిక్షణ కావాలి గనుక బడి దాన్ని ఇస్తుందని దుర్ఖైమ్ అన్నాడు. పెట్టుబడికి విధేయత కావాలి గనుక బడి దాన్ని ఇస్తుందని బౌల్స్, గింటిస్ అన్నారు. యజమాని మారాడు, తర్కం మారలేదు. అవసరం ఉంది కనుక అది తీరుతుంది అని ఇద్దరూ అనుకున్నారు. ఎవరు, ఎలా, ఏ ఒత్తిడితో తీరుస్తారో చూపించలేదు. ఇది తెలిస్తే 'నాణేనికి రెండు ముఖాలు' అన్న మాట ఎంత గుడ్డిదో తెలుస్తుంది. గీత గీయాల్సింది మరో చోట.

ఆ గీతను 1971లో రాండల్ కాలిన్స్ గీశాడు. మన రెండో ప్రశ్న ఆయనదే. ఉద్యోగాలకు కావలసిన చదువు పెరుగుతూ పోతోంది. పనులు కష్టమవుతున్నాయి గనుక చదువు పెరుగుతోందని ప్రకార్యవాదం చెబుతుంది. అలాగైతే పెరిగిన చదువులో ఎక్కువ భాగం, పాత తేలిక పనులు పోయి కొత్త కష్టమైన పనులు రావడం వల్ల వచ్చి ఉండాలి. ఫోల్జర్, నామ్ అనే ఇద్దరు అమెరికా జనగణన లెక్కలతో దీన్ని విడదీశారు. ఇరవయ్యో శతాబ్దంలో శ్రామికుల చదువులో వచ్చిన పెరుగుదలలో వృత్తుల మార్పు వల్ల వచ్చింది దాదాపు 15 శాతమే. మిగతా 85 శాతం అవే వృత్తుల్లో అదే పనికి ఎక్కువ చదివినవాళ్లు రావడం వల్ల. అదే వృత్తి లోపల కూడా పని కష్టమై ఉండవచ్చు కదా అని అడగవచ్చు. కాలిన్స్ దాన్నీ పట్టించుకున్నాడు. ఎక్కువ చదివినవాళ్లు అదే పనిని మెరుగ్గా చేస్తున్నారా అని చూసిన అధ్యయనాలను తీస్తే, సాధారణంగా అలాంటి తేడా కనిపించలేదు. చాలా నైపుణ్యాలు ఉద్యోగంలో చేరాకే నేర్చుకుంటున్నారు.

మన ఆఫీసుల్లోనే చూడొచ్చు. ఒకప్పుడు ఎస్సెల్సీ పాసైనవాడు ఎల్డీసీగా చేరి ఇన్‌వార్డు రిజిస్టరు రాసేవాడు, ఫైలు మీద నోటు పెట్టేవాడు, ఉత్తరాలు డ్రాఫ్టు చేసేవాడు. ఈనాడు అదే కుర్చీలో కూర్చునే జూనియర్ అసిస్టెంటుకు డిగ్రీ ఉండాలి. పరీక్ష రాసేవాళ్లలో పీజీలకు కొదువ లేదు. కంప్యూటరు వచ్చింది కదా అంటారు. ఆ కంప్యూటరును ఏ బీఏ చరిత్ర కోర్సూ నేర్పలేదు, ఆఫీసులో చేరాక నేర్చుకున్నారు. మరి డిగ్రీ ఏం చేసింది? లక్షల దరఖాస్తుల్లోంచి కొన్నిటిని బయటే ఆపింది. ఇది తెలిసినవాళ్లంతా తమ పిల్లలకు మరో మెట్టు పై డిగ్రీ కోసం పరిగెత్తారు, దాంతో గడప మళ్లీ లేచింది. ఏ పెట్టుబడిదారూ కూర్చుని దీన్ని పథకం వేయలేదు, ఏ సమాజ అవసరమూ దీన్ని అడగలేదు. మంచి ఉద్యోగాల కోసం గుంపులు పోటీ పడతాయి. తమ దగ్గరున్న చదువునే అర్హతగా నిలబెట్టగలిగిన గుంపు మిగతావాళ్లను బయట ఉంచుతుంది. సంఘర్షణ అంటే కాలిన్స్ ఉద్దేశంలో ఇది. ఇది మార్క్స్ కంటే మాక్స్ వెబర్‌కు దగ్గర. మన దేశంలో ఆ గుంపులకు కులం పేర్లు కూడా ఉంటాయి గనుక, ఉత్త వర్గ సిద్ధాంతం కంటే ఇదే మనకు ఎక్కువ పనికొస్తుంది.

కాలిన్స్ వాదానికీ హద్దులున్నాయి. శస్త్రచికిత్స చేసే డాక్టరు చదువును గడప అని కొట్టిపారేయలేం. ప్రజలందరికీ చదవడం, రాయడం రావడం ఆర్థికాభివృద్ధికి కావలసిందేనని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ మెట్టు దాటాక పై మెట్ల గురించే ఆయన అనుమానం.

ఇక చివరిగా, సంఘర్షణ దృక్పథం బడికి వ్యతిరేకమన్న అపోహ. దీన్ని తేల్చడానికి అమెరికా అక్కర్లేదు. 1882లో హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే ఇచ్చిన వాంగ్మూలం చాలు. అప్పటి ప్రభుత్వ విధానం వెనుక ఒక ప్రకార్యవాద తర్కం ఉండేది. పై వర్గాలకు ఉన్నత విద్య చెబితే, వాళ్ల నుంచి చదువు కింది జనానికి తానే దిగుతుందట. ఫూలే దాన్ని వాస్తవాలతో ఎదుర్కొన్నాడు. రైతుల కష్టం నుంచి వచ్చిన పన్ను డబ్బు పై కులాల ఉన్నత విద్యకు ఖర్చవుతోందనీ, అక్కడి నుంచి కిందికి ఏమీ దిగడం లేదనీ చెప్పాడు. ఆ తర్వాత ఆయన కోరింది బడులు మూసేయమని కాదు. కనీసం 12 ఏళ్ల వయసు వరకు ప్రాథమిక విద్యను నిర్బంధం చేయమని, కింది కులాల నుంచి టీచర్లను తయారు చేయమని కోరాడు. చదువు ఎవరికి చేరుతోంది, ఎవరి ఖర్చుతో చేరుతోంది అని అడగడమే సంఘర్షణ దృక్పథం. అది బడిని ఎంత గట్టిగా విమర్శిస్తుందో అంత గట్టిగా బడిని కోరుతుంది కూడా.

ప్రశ్నపత్రాలు తయారు చేసే అధ్యాపకులకు ఒక మనవి. రెండు దృక్పథాలను చర్చించండి అని అడిగినంత కాలం రెండూ నిజమేనన్న జవాబే వస్తుంది. వచ్చే ఏడాది ఆ ప్రశ్న బదులు కాల్ పట్టికలోని మూడు అంకెలు, 89, 29, 56 ఇచ్చి, వీటిని పార్సన్స్ ఎలా వివరిస్తాడో, ఆ వివరణ ఎక్కడ ఆగిపోతుందో రాయమని అడగండి. సమతుల్యత గురించిన పేరా రాసినవారికి మార్కులు ఇవ్వకండి.